ఫిర్యాదు అందింది సరే, ఎప్పటికి తేలుస్తారు?

ఆన్‌లైన్‌లో కొన్న వాషింగ్ మెషిన్ వారం తిరక్కుండానే తలుపు దగ్గర నీళ్లు కారుస్తోందనుకుందాం. కొన్నావిడ సోమవారం ఉదయం కంపెనీకి ఫిర్యాదు పంపింది. మధ్యాహ్నానికి జవాబు వచ్చింది: "మీ ఫిర్యాదు అందింది. వీలైనంత త్వరలో పరిష్కరిస్తాం." ఏ రోజు ఇంట్లో ఉండాలో, ఎవరికి ఫోన్ చెయ్యాలో అందులో లేదు. దాంతో ఆవిడ మళ్లీ రాస్తుంది, మళ్లీ అదే జవాబు వస్తుంది.

2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లోగా తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. నెల అన్నది చిట్టచివరి గడువు. దాన్నే ఉత్తరంలో దించేసి, చిన్న రబ్బరు మార్చడానికి ఆవిణ్ణి నెల రోజులు కూర్చోబెట్టడం అన్యాయం. అలాగని కోపం చల్లార్చడానికి "రేపే వస్తాం" అని రాసి రాకపోతే అంతకన్నా నష్టం.

అందుకే ఉత్తరం రాసేవారు ముందు రెండు ఫోన్లు చెయ్యాలి. టెక్నీషియన్లకు పని పంచేవారిని అడిగితే బుధవారం మధ్యాహ్నం ఖాళీ ఉందన్నారు. గోదాములో అడిగితే తలుపు రబ్బరు ఊళ్లో లేదు, తెప్పించడానికి నాలుగు పనిదినాలు పడుతుందన్నారు. మధ్యలో ఆదివారం ఉంది కనుక సోమవారానికి అందుతుంది. బిగించడానికి ఇంకో రోజు కలుపుకోవాలి. ఇప్పుడు రాయొచ్చు:

"వాషింగ్ మెషిన్ తలుపు దగ్గర నీరు కారుతోందంటూ 9వ తేదీ సోమవారం మీరు పంపిన ఫిర్యాదు అందింది. మీకు కలిగిన ఇబ్బందికి విచారిస్తున్నాం. 11న, బుధవారం మధ్యాహ్నం 2 నుంచి 5 మధ్య టెక్నీషియన్ వస్తారు. రబ్బరు మార్చాల్సి వస్తే 17, మంగళవారంలోగా బిగిస్తాం. ఆలస్యమయ్యేలా ఉంటే 16న మేమే ఫోన్ చేస్తాం. అప్పటిదాకా మెషిన్ వాడకండి, ప్లగ్ తీసి ఉంచండి."

తప్పు ఎవరిదన్న మాట ఇందులో లేదు, ఉండకూడదు కూడా. రబ్బరు చిరిగిందో, తలుపులో బట్ట ఇరుక్కుందో చూసినవాళ్లే చెప్పగలరు.

కింద ఫిర్యాదు నంబరు, బాధ్యుడి పేరు, హోదా, ఆయన నేరుగా ఎత్తే ఫోన్ నంబరు, దొరికే వేళలు రాయాలి. ఆయన సెలవు పెడితే ఎవరు చూస్తారో కూడా చెప్పాలి. చాలాచోట్ల దెబ్బతినేది ఇక్కడే: ఆయనకు తెలియకుండా పేరు వేసేస్తారు, ఆవిడ ఫోన్ చేస్తే "ఏ ఫిర్యాదండీ?" అంటాడు. ఉత్తరం వెళ్లేలోపు ఫిర్యాదు పూర్తి పాఠం ఆయన చేతికి అందాలి.

17 దాటినా రబ్బరు రాకపోతే, ఆవిడ ఇదే ఉత్తరం దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు.