అమ్మమ్మ ఇంట్లో రెండో పుట్టినరోజు

విమాన టికెట్ లెక్కలో పసివాళ్లకూ పిల్లలకూ మధ్య గీత రెండేళ్ల దగ్గర ఉంటుంది. రెండేళ్లు నిండనివాళ్లు ‘ఇన్‌ఫెంట్లు’. అమ్మ ఒళ్లోనే ప్రయాణం, సీటు ఉండదు. విదేశీ ప్రయాణాల్లో వాళ్లకు మామూలుగా పెద్దల ఛార్జీలో పదో వంతు పడుతుంది. రెండు నిండితే ‘చైల్డ్’. సీటు తప్పనిసరి, ఛార్జీ చాలా సంస్థల్లో ముప్పాతిక దాకా ఉంటుంది. వయసు చూసేది టికెట్ కొన్న రోజున కాదు, విమానం ఎక్కే రోజున.

డాలస్‌లో ఉండే తెలుగు దంపతులు పాపను తొలిసారి హైదరాబాద్ తీసుకొస్తున్నారనుకుందాం. డిసెంబర్ 5న బయల్దేరి, జనవరి 6న తిరిగి వెళ్తారు. పాపకు డిసెంబర్ 20న రెండు నిండుతాయి. వచ్చేటప్పుడు ఒళ్లో కూర్చోవచ్చు, వెళ్లేటప్పుడు కుదరదు. ఇది ఛార్జీ గొడవ కాదు, భద్రతా నియమం. రెండు దాటినవాళ్లను ఒళ్లో పెట్టుకుని ఎగరడానికి అమెరికా నిబంధనలూ ఒప్పుకోవు.

రానుపోను పెద్దల ఛార్జీ, పన్నులు కాకుండా, లక్ష రూపాయలనుకోండి. రెండువైపులా ఇన్‌ఫెంట్ అయితే పదివేలు. వచ్చేటప్పుడు ఇన్‌ఫెంట్, వెళ్లేటప్పుడు చైల్డ్ అయితే కాగితం మీద 5,000, 37,500 కలిపి 42,500. కొన్ని సంస్థలు ఇలా విడదీస్తాయి. కొన్ని మాత్రం రెండువైపులా చైల్డ్ ఛార్జీ, అంటే 75,000, కట్టమంటాయి. పోనీ తిరుగు ప్రయాణానికి విడిగా టికెట్ కొందామంటే, పెద్ద సంస్థల్లో ఒకవైపు ఛార్జీ రానుపోనులో సగం ఉంటుందన్న హామీ లేదు. ఒక్కోసారి మొత్తానికి దగ్గరగా ఉంటుంది. అందుకే విడగొట్టే ముందు రెండు ధరలూ అడిగి చూడాలి.

అసలు ప్రమాదం వెబ్‌సైట్‌లో ఉంది. కొన్ని సైట్లు వయసు ఒక్కసారే అడిగి, రెండువైపులా ఇన్‌ఫెంట్‌గానే టికెట్ ఇచ్చేస్తాయి. పాస్‌పోర్టులో పుట్టినతేదీ చూసి శంషాబాద్ కౌంటర్‌లో ఆపినప్పుడు గానీ సంగతి తెలియదు. సంక్రాంతి ముందు ఆ విమానంలో సీటు ఖాళీ లేకపోతే డబ్బు ఉన్నా లాభం లేదు. ఉన్నా ఆ రోజు ధరే. టికెట్ రాగానే పాప పేరు పక్కన చూడండి: INF ఉంటే సీటు లేదు, CHD లేదా CNN ఉంటే ఉంది. తిరుగు ప్రయాణం వరుసలో INF కనిపిస్తే అప్పుడే ఫోన్ చేయాలి.

పన్నెండు దగ్గర ఇంత పట్టింపు లేదు, ఎందుకంటే పిల్లవాడికి సీటు ముందే ఉంది, మారేది ధరే. పాత పద్ధతి పాటించే సంస్థలు మొదటి విమానం ఎక్కిన రోజు వయసునే ప్రయాణం మొత్తానికి తీసుకుంటాయి. పదకొండేళ్లతో వచ్చి ఇక్కడ పన్నెండు నిండినా తేడా కట్టమనవు. ప్రతి విమానానికీ వయసు విడిగా చూసేవాళ్లూ ఉన్నారు, కాబట్టి ఒకే టికెట్ మీద రానుపోను కొంటే మేలు. విడివిడిగా కొంటే తిరుగు టికెట్‌కు అదే మొదటి విమానం, ఆనాటికి అబ్బాయి పెద్దవాళ్ల లెక్కలోకి వస్తాడు.