ఖైదీలు కాని పసివాళ్లు

ఒక స్త్రీని పోలీసులు అరెస్టు చేసి రిమాండుకు పంపితే, ఇంట్లో బిడ్డను చూసుకునే దిక్కు లేనప్పుడు ఆ బిడ్డా తల్లి వెంట జైలుకు వెళ్తుంది. ఆరేళ్లు నిండేదాకా అక్కడే ఉండవచ్చు. 2022 డిసెంబరు చివరికి మన దేశంలోని జైళ్లలో 1,537 మంది తల్లుల దగ్గర 1,764 మంది పిల్లలు ఉన్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ఆ తల్లుల్లో పదికి ఎనిమిది మందికి పైగా విచారణ ఖైదీలే. అంటే వాళ్లు నేరం చేశారని ఏ కోర్టూ ఇంకా తేల్చలేదు.

ఈ పిల్లల హక్కులకు ఆధారం 2006 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. ఆ కేసు పేరులో మన రాష్ట్రమే ఉంది: ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్. ప్రధాన న్యాయమూర్తి వై.కె. సబర్వాల్ నేతృత్వంలోని ధర్మాసనం తేల్చిన మొదటి విషయం, జైల్లో ఉన్నంత మాత్రాన బిడ్డను ఖైదీగా చూడకూడదని. తిండి, బట్ట, వైద్యం, చదువు, ఆట ఆ బిడ్డకు హక్కుగా రావాలి. జైలరు దయ తలిస్తే వచ్చేవి కావు.

ఆచరణలో ఇది ఎలా ఉండాలో ఒక ఉదాహరణతో చూద్దాం. రెండేళ్ల పాపతో ఒక విచారణ ఖైదీ జైలుకు వచ్చిందనుకోండి. చేర్చుకునేటప్పుడే డాక్టరు పాపను పరీక్షించి వయసు, ఆరోగ్యం నమోదు చేయాలి. టీకాలు వేళకు పడాలి. తల్లికి పెట్టే అన్నంలోంచే పాపకూ నాలుగు ముద్దలు పెడితే సరిపోతుందంటే కుదరదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సులను తీర్పు ప్రస్తావించింది. వాటి ప్రకారం ఒకటి నుంచి మూడేళ్ల బిడ్డకు రోజుకు అర లీటరు పాలు, 30 గ్రాముల పప్పు, 100 గ్రాముల పండ్లు ఉండాలి. బిడ్డకు తినిపించడానికి తగిన గిన్నెలు కూడా తల్లికి విడిగా ఇవ్వాలి. గిన్నెల సంగతి కూడా సుప్రీంకోర్టే రాయాల్సి వచ్చిందంటే అప్పటి పరిస్థితి ఊహించుకోవచ్చు.

మూడేళ్లలోపు పిల్లలకు క్రెష్, ఆపైన ఆరేళ్ల దాకా నర్సరీ నడపాలి. వీలైతే వాటిని జైలు గోడల బయటే పెట్టాలి. కిక్కిరిసిన బ్యారక్‌లో రకరకాల నేరాల ఖైదీల మధ్య పెరగడం పసిమనసుకు చేటని కోర్టు స్పష్టంగా చెప్పింది. తల్లి గర్భవతి అయితే, వీలైనంతవరకు తాత్కాలికంగా విడుదల చేసి కాన్పు బయట ఆసుపత్రిలోనే జరిగేలా చూడాలి. ఒకవేళ లోపలే పుట్టినా, జనన ధ్రువపత్రంలో జైలు పేరు రాయకూడదు, ఆ ప్రాంతం పేరే రాయాలి. పెద్దయ్యాక బడిలోనో ఉద్యోగానికి వెళ్లినచోటో ఆ కాగితం చూపించాల్సింది ఆ బిడ్డే కదా.

ఆరేళ్లు నిండాక బిడ్డ జైల్లో ఉండకూడదు. తల్లి కోరిన బంధువులకు అప్పగించాలి, లేదంటే సంక్షేమ శాఖ సంస్థలో చేర్చాలి. అదీ వీలైనంతవరకు జైలున్న ఊళ్లోనే ఉండాలి. వారానికి ఒక్కసారైనా తల్లీబిడ్డలు కలుసుకోవాలి.

చిక్కంతా చిన్న జైళ్లతోనే. హైదరాబాద్ చంచల్‌గూడలో, రాజమహేంద్రవరంలో మహిళల ప్రత్యేక జైళ్లున్నాయి. నలుగురైదుగురు ఆడ ఖైదీలుండే సబ్‌జైల్లో ఒకరిద్దరు పిల్లల కోసం క్రెష్ ఎవరు నడుపుతారు? సరైన వసతి లేని సబ్‌జైల్లో పిల్లల తల్లులను ఉంచవద్దని తీర్పు చెప్పింది. అయితే ఆమెను దూరంగా ఉన్న పెద్ద జైలుకు మారిస్తే ములాఖత్‌కు వచ్చే మనుషులూ తగ్గిపోతారు, కోర్టు వాయిదాలకు తిరగడమూ కష్టమవుతుంది. జైలు తనిఖీకి వెళ్లే లాయర్లు మూడు అడిగితే చాలు: టీకాల కార్డు, పిల్లల రేషన్ విడిగా రాసిన రిజిస్టరు, క్రెష్‌లో హాజరు పట్టీ. అవి చూపించలేకపోతే ఏర్పాట్లు కాగితం మీదే ఉన్నాయని అర్థం.

నా మటుకు నాకు, ఎంత మంచి క్రెష్ కన్నా తల్లికి బెయిల్ రావడమే మేలు. పిల్లలతో ఉన్న తల్లుల కేసులను త్వరగా తేల్చమని 2006లోనే కోర్టు ఆదేశించింది. మహిళలకు బెయిల్ విషయంలో చట్టంలోనూ కొంత వెసులుబాటు ఉంది. కానీ బెయిల్ వచ్చినా పూచీకత్తు ఇచ్చే మనిషి దొరక్క లోపలే ఉండిపోయే పేదరాళ్లున్నారు. బెయిల్ ఇచ్చిన ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. నెల దాటినా పూచీ కుదరకపోతే, షరతు సడలించే సంగతి కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు.

మీకు తెలిసిన తల్లి ఎవరైనా బిడ్డతో జైల్లో ఉంటే, ఆదాయంతో పని లేకుండా ఏ మహిళకైనా ఉచితంగా లాయరును పెడతారని ఆమె ఇంటివాళ్లకు చెప్పండి. న్యాయసేవల హెల్ప్‌లైన్ నంబరు 15100.