తక్కువ కొటేషన్, ఎక్కువ మార్కులు: బియ్యం కొనుగోలులో అపోహలు – వాస్తవాలు

మూడు మిల్లుల కొటేషన్లు తెప్పించి, అందరికంటే తక్కువ రేటు వేసినవారికి ఆర్డరిస్తే డబ్బు మిగిలినట్టేనని చాలామంది నమ్మకం. ఆడిట్‌లో ఎవరూ వేలెత్తి చూపరన్న ధైర్యం దానికి తోడు. కానీ కొటేషన్ చెప్పేది క్వింటా ధర ఒక్కటే. అందులో బియ్యమెంత, నీరెంత అన్నది చెప్పదు. సూర్యాపేటలో నెలకు 100 క్వింటాళ్ల బీపీటీ పాతబియ్యం వాడే హాస్టల్ ఒకటి ఉందనుకుందాం; అంకెలు కేవలం లెక్క కోసం వేసుకున్నవి. సరుకు తెచ్చి దింపే ఖర్చుతో కలిపి కోదాడ మిల్లు 5,150, మిర్యాలగూడ మిల్లు 5,250, సూర్యాపేట మిల్లు 5,400 రూపాయలు చెప్పాయి. మీటరు పెట్టి చూస్తే తేమ వరుసగా 14.5, 13, 12.5 శాతం. నీరు తీసేస్తే కోదాడ క్వింటాలో మిగిలేది 85.5 కిలోలు, మిర్యాలగూడ క్వింటాలో 87. కోదాడ బియ్యాన్నీ 13 శాతం తేమకు తెచ్చి లెక్కగడితే క్వింటా 5,240 పడుతుంది. వంద రూపాయల తేడా కాస్తా పదికి దిగింది. ఎసట్లో ఎలాగూ నీళ్లు పోస్తాం కదా అనేవారుంటారు. ఎసటి నీళ్లకు కిలో యాభై రూపాయలు ఎవరూ ఇవ్వరు. పైగా తేమ బియ్యం వానాకాలంలో గోదాములో ఉంటే ముక్క వాసన పడుతుంది, పురుగు త్వరగా ఎక్కుతుంది.

మిర్యాలగూడ బియ్యమంటే చాలు, శాంపిల్ ప్యాకెట్ వండి చూస్తే చాలు, మిల్లు దాకా పోవడం దండగ అన్నది ఇంకో అపోహ. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది వడ్లతో ఆ పట్టణం మిల్లులకు పేరు తెచ్చుకున్న మాట నిజమే. అయినా మనకు బియ్యం పంపేది పట్టణం కాదు, అందులోని ఒక మిల్లు. ప్యాకెట్ కోసం ఏరి పోసిన గింజలు ఆ మిల్లు రోజూ చేసే పనికి సాక్ష్యం కావు. అందుకే ఆ పూట నింపుతున్న బస్తాల్లోంచి, ఇనుప గొట్టం గుచ్చి, పై బస్తా నుంచీ అడుగు బస్తా నుంచీ గింజలు తీయాలి. మన ఉదాహరణలో కోదాడ శాంపిల్ ప్యాకెట్‌లో నూక 5 శాతం. నడుస్తున్న లైనులో తీస్తే 14. మిగతా రెండు మిల్లుల్లో ప్యాకెట్‌కూ బస్తాకూ పెద్ద తేడా లేదు, నూక 7 శాతం లోపే. అలాగే సార్టెక్స్ యంత్రం పక్కకు తోసేసిన కుప్పను చేత్తో కెలికి చూడాలి: అందులో నల్లగింజలు, రంగు మారినవి కాక మంచి గింజ ఎక్కువగా కనిపిస్తే సర్దుబాటు కుదరలేదని అర్థం. పాతబియ్యం అన్న మాటకు రుజువు గోదాములో వడ్ల నిట్టు, దాని తేదీ రాసిన రిజిస్టరు. ఇక యంత్రం గంటకు ఎన్ని టన్నులు ఆడుతుందన్నది కాదు, మనకు ఎన్ని గంటలు మిగులుతాయన్నదే అసలు ప్రశ్న. ప్రభుత్వ వడ్లను కస్టమ్ మిల్లింగ్‌కు తీసుకున్న మిల్లు గడువు దగ్గరపడితే ఆ పనికే పరుగెడుతుంది. పెద్ద మిల్లైతే సరుకు ఆగదన్న భరోసా అక్కడే తప్పుతుంది.

మార్కులు వేశాక ఇక వాదన ఉండదనుకోవడం అన్నిటికంటే మొండి అపోహ. ధరకు 40, నాణ్యతకు 35, సరఫరాకు 25 అని పెట్టుకున్నాం. తక్కువ ధరను ఒక్కొక్కరి ధరతో భాగించి 40తో హెచ్చించడం వాడుకలో ఉన్న పద్ధతి. ఆ లెక్కన కోదాడకు 40, మిర్యాలగూడకు 39.2, సూర్యాపేటకు 38.1 వస్తాయి. ధరకు నలభై మార్కులిచ్చామని చెప్పుకుంటాం గానీ, అది పనిచేసింది రెండు మార్కుల లోపే! మిగతా మార్కులు చూసినవారి అంచనాలు. నాణ్యత, సరఫరా కలిపి కోదాడకు 39, మిర్యాలగూడకు 48, సూర్యాపేటకు 50 వేశారనుకోండి; మొత్తాలు 79, 87.2, 88.1. సూర్యాపేట 0.9 మార్కుతో ముందుంది. ఆ ముందంజ కోసం హాస్టల్ నెలకు 15,000 రూపాయలు ఎక్కువ కట్టాలి. కమిటీలో ఒకరు ఒక్క మార్కు అటూ ఇటూ వేస్తే వరుస తారుమారయ్యేది.

అలాగైతే మార్కులెందుకన్న ప్రశ్న న్యాయమైనదే. కోదాడ మిల్లును పక్కన పెట్టడానికి అవి పనికొచ్చాయి. ఆ మిల్లు వెనకబడ్డ ఎనిమిది మార్కుల వెనుక కొలిచిన తేమ, నూక ఉన్నాయి. దగ్గరదగ్గరగా నిలిచిన ఇద్దరి మధ్య తీర్పు చెప్పే శక్తి మాత్రం వాటికి లేదు. అందుకే రెండు మార్కుల లోపు తేడాను సమానంగా చూసి ధరను బట్టి తేల్చాలన్న నియమం కొటేషన్లు విప్పకముందే ఫైలులో ఉండాలి. విప్పాక రాస్తే అది కావలసినవారి కోసం రాసిందే అవుతుంది, ఉద్దేశం మంచిదైనా సరే. ఆ నియమం ముందే ఉంటే సిఫార్సు మిర్యాలగూడ మిల్లుకే: ప్రతి లోడుకూ దింపకముందే తేమ, నూక కొలవాలి; తేమ 14 శాతం దాటితే లోడు వెనక్కి; కస్టమ్ మిల్లింగ్ ఒత్తిడిలో సరుకు ఆగితే ఆ నెల కోటా తాను చెప్పిన ధరకే ఇస్తానని సూర్యాపేట మిల్లు ముందుగా రాసివ్వాలి. కోదాడ మిల్లుకూ తేమ, నూకల అంకెలు రాసి పంపితే, వచ్చే కొటేషన్‌కు అక్కడి లైను మారిందో లేదో మళ్లీ వెళ్లి చూడొచ్చు.