చేతికందే మునక్కాడ

మాఘం దాటిందంటే వీధుల్లో మునగచెట్లు కాడలతో నిండిపోతాయి. చూడాలంటే తలెత్తాలి, అంతే. మేడ పిట్టగోడకు సమానంగా గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. ఆ చెట్టున్న ఇంటి ఇల్లాలు మాత్రం తోపుడుబండి దగ్గర నిలబడి కాడలు బేరమాడుతుంటుంది. దోటి అంత ఎత్తు అందదు. నిచ్చెన ఆనిద్దామంటే కొమ్మ నమ్మదగింది కాదు. మునగచెట్టు ఎక్కించడం అంటే ఏమిటో తెలిసినవాళ్లం కనుక ఆ సాహసం ఎవరూ చేయరు.

చెట్టు అంత ఎత్తుకు పోవడానికి కారణముంది. మునగ పూత ఎక్కువగా ఆ ఏడు పుట్టిన కొత్త రెమ్మల మీదే వస్తుంది. పాత కొమ్మ తొడంత లావెక్కినా దాని ఒంటిమీద కాడ కాయదు, చివర్న పుట్టిన చిగురే పూస్తుంది. మనం కత్తి పెట్టకపోతే ఆ చిగురు ఏటేటా ఇంకాస్త పైన పుడుతుంది, కాపు కూడా దాని వెంటే పోతుంది. కాడ చేతికందాలంటే చిగురు ఎక్కడ పుట్టాలో మనమే తేల్చాలి. అయితే అంతకుముందు ఇంకో ప్రశ్న ఉంది: కొమ్మ నాటారా, గింజ వేశారా? చెట్టుకు ఎలాంటి వేరుందో దాన్నిబట్టే తెలుస్తుంది. ఎంత ఎత్తును మోయగలదో ఆ వేరే చెబుతుంది.

మన పెరళ్లలో పాత అలవాటు కొమ్మే. పక్కింటి చెట్టు కాడ కండగా, తియ్యగా ఉంటే ఒక కొమ్మ అడిగి తెచ్చుకుని పాతుకుంటాం. అందులో తర్కం ఉంది. కొమ్మ నుంచి వచ్చిన చెట్టు తల్లిచెట్టుకు అచ్చు నకలు. కాడ పొడవు, కండ, రుచి ఏవీ మారవు. గింజకు ఆ హామీ లేదు. మునగ పూలకు తేనెటీగలు, తుమ్మెదలు రోజంతా వస్తూనే ఉంటాయి కాబట్టి వీధి చివర చెట్టు పుప్పొడి మీ చెట్టు గింజలో చేరవచ్చు. బజారులో కొన్న కాడ బాగుందని దాని గింజ దాచి నాటితే ఏ కాడ కాస్తుందో కాసేదాకా తెలియదు. ఒక్కోసారి చేదు కాడలు వస్తాయి, ఒక్కోసారి పీచే ఎక్కువగా ఉంటుంది.

నాటే కొమ్మ సన్నగా ఉండకూడదు. ముంజేయి లావున, మూడు నుంచి అయిదడుగుల పొడవున్న ముదురు కొమ్మ కావాలి. కాపు ముగిశాక కొట్టిన కొమ్మల్లోంచి ఏరుకుంటే మంచిది. కింది కొనను ఏటవాలుగా కోసి, నీడలో రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. కోసిన చోట పచ్చి ఆరకుండా తడి నేలలో పెడితే కుళ్లుతుంది. అడుగున్నర లోతు గుంత తీసి, పశువుల ఎరువు కలిపిన మట్టితో నింపి, కొమ్మలో మూడో వంతు లోపలికి పోయేలా నిలబెట్టాలి. చుట్టూ మట్టిని కాలితో గట్టిగా తొక్కాలి. చెట్టు మీద పైకున్న వైపే ఇక్కడా పైకుండాలి. కోసేటప్పుడే పై కొనకు కాస్త సున్నం రాసుకుంటే తికమక ఉండదు. పై కొన మీద కొంచెం పేడ మెత్తితే వాననీళ్లు లోపలికి దిగవు.

ఆ తర్వాతే అసలు మోసం. రెండు మూడు వారాల్లో కొమ్మ నిండా చిగుళ్లు వస్తాయి. నాటినవాళ్లు బతికిందని సంబరపడి రోజూ బిందెడు నీళ్లు పోస్తారు. కానీ ఆ చిగుళ్లు వేరు పంపిన తిండితో వచ్చినవి కావు, కొమ్మ తనలో దాచుకున్న నిల్వతో వచ్చినవి. వేరు ఇంకా పుట్టకపోయినా చిగురు వస్తుంది. నీళ్లెక్కువైతే కింద బెరడు కుళ్లడం మొదలై, నెలా నెలన్నరకు చిగుళ్లన్నీ ఒక్కసారిగా వడలిపోతాయి. నేలమట్టం దగ్గర బెరడును బొటనవేలితో నొక్కితే సంగతి తెలుస్తుంది. గట్టిగా ఉంటే పరవాలేదు. మెత్తగా దిగబడి వాసన వస్తే ఆ కొమ్మ పోయినట్టే. వేరు పట్టిందో లేదోనని కొమ్మను ఊపి చూసేవాళ్లుంటారు. అప్పుడే పుట్టిన పీచువేళ్లు ఆ ఊపుకే తెగిపోతాయి.

కొమ్మచెట్టుకు ఇంకో బలహీనత ఉంది, అది జన్మతో వచ్చింది. దానికి తల్లివేరు ఉండదు. పైపైన చుట్టూ పాకే వేళ్లే దిక్కు. గింజ నుంచి మొలిచిన మొక్క అలా కాదు. మొలిచిన కొన్ని వారాలకే ముల్లంగిలా లావైన వేరు ఒకటి నిటారుగా లోపలికి దిగుతుంది. ఎండకు ఓర్చుకునేది, గాలికి నిలబడేది ఆ వేరే. తుపానుల దారిలో ఉన్న కోస్తా ఊళ్లలో వేళ్లతో సహా పడిపోయిన మునగను చూస్తే, అది కొమ్మ నాటిన చెట్టేమోనని మొదట అనుమానించాలి.

అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను గింజే చెబుతాను, ఒక షరతుతో. ఆ గింజ నమ్మకమైన రకం అయి ఉండాలి. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు పెరియకుళంలో రూపొందించిన పీకేఎం-1 అందరికీ తెలిసిన రకం. పెరట్లోనూ బాగా వస్తుంది. పాత రకాల్లో గింజ వేస్తే కాపు చూడటానికి ఏళ్లు పట్టేది. ఇది ఆరు నెలలకే కాడ చూపిస్తుంది. కాడ రెండడుగుల పొడవు దాటుతుంది. గింజ మాత్రం కొత్తదై ఉండాలి. ఏడాది దాటిన గింజ చూడటానికి బాగానే ఉంటుంది, మొలవడమే అనుమానం. రాత్రంతా నానబెట్టి, అంగుళం లోతులో, గుంతకు రెండు చొప్పున నేరుగా నేలలోనే వేయాలి. వారం పది రోజుల్లో మొలుస్తాయి. జానెడు ఎదిగాక బలమైనదాన్ని ఉంచి రెండోది తీసేయాలి. సంచిలో పెంచితే నెల తిరక్కుండా నేలలోకి మార్చాలి. ఆలస్యమైతే తల్లివేరు అడుగున చుట్టలు చుట్టుకుంటుంది, గింజ వేసిన లాభమే పోతుంది. నీళ్లు నిలిచే చోట మాత్రం గింజైనా కొమ్మైనా ఒకటే, రెండూ చస్తాయి.

ఇక కత్తిరింపు. జూన్‌లో గింజ వేశారనుకుందాం. ఆగస్టుకల్లా మొక్క రెండున్నర అడుగులకు వస్తుంది. అప్పుడు కొన చిగురు నాలుగు వేళ్ల మేర గోటితో తుంచేయాలి. మొదటిసారి ఎవరికైనా చెయ్యి రాదు. ఇంత ముచ్చటగా ఎదుగుతుంటే తల తుంచడమేమిటని పెద్దవాళ్లు కేకలేస్తారు కూడా. కానీ తుంచకపోతే మొక్క ఒక్క గెడలా లేచిపోతుంది, కొమ్మలు తలమీదే వేస్తుంది. తుంచితే వారం పది రోజుల్లో కణుపుల దగ్గర పక్క రెమ్మలు బయలుదేరతాయి. తలో దిక్కుకు పోయే నాలుగైదింటిని ఉంచి, మిగతావి తీసేయాలి. అవి రెండడుగులు సాగాక వాటి కొనలూ ఒకసారి తుంచాలి.

ఎత్తు లెక్క ఇలా చూడండి. నేలమీద నిలబడి చెయ్యి చాస్తే మనకు ఆరున్నర, ఏడడుగులు అందుతుంది. కాడ కిందికి వేలాడుతుంది కాబట్టి గుత్తి ఎనిమిదడుగుల మీద ఉన్నా కాడ కొస చేతికే తగులుతుంది. అంటే పూసే రెమ్మ ఎనిమిదడుగులు దాటకుండా చూసుకుంటే చాలు. మోడును మూడడుగుల దగ్గర ఆపితే రెమ్మకు అయిదడుగుల చోటు మిగులుతుంది. అయిదడుగులు మునగకు ఓ లెక్క కాదు, వానాకాలం ముగిసేలోపే దాటేస్తుంది. కొనలు తుంచమనడం అందుకే.

తుంచడం ఎప్పుడు ఆపాలో తెలియకపోతే ఇంకో తంటా. అక్టోబరు తర్వాత కత్తి తీయకూడదు. డిసెంబరు, జనవరిలో పూయాల్సిన రెమ్మలు అవే. సంక్రాంతికి ఇల్లు శుభ్రం చేస్తూ చెట్టును కూడా "శుభ్రం" చేసినవాళ్లకు ఆ ఏడు ఆకు తప్ప కాడ ఉండదు. పూత ముందు నీళ్లు కూడా తగ్గించాలి. అదే పనిగా తడుపుతుంటే చెట్టు ఆకు వేస్తుంది, వచ్చిన పూత రాలుస్తుంది. పువ్వు విచ్చినప్పటి నుంచి రెండు నెలలకు కాడ కోతకొస్తుంది.

ఎండాకాలం కాపు అయిపోయి తొలకరి పడ్డాక పెద్ద కత్తిరింపు. ప్రధాన కాండం నేలకు మూడడుగుల ఎత్తున ఉంచి, పైదంతా తీసేయడమే. రైతులు కార్శి తోటలో చేసేదీ ఇదే. నాలుగైదు నెలలకు మళ్లీ కాపు పడుతుంది. అలా రెండు మూడేళ్లు గట్టిగా కాస్తుంది, ఆ పైన కాపు తగ్గుతుంది. ఆషాఢంలో మునగాకు తినే ఇళ్లకు ఈ కొట్టిన కొమ్మల ఆకు సరిగ్గా వేళకొస్తుంది.

కొట్టడంలోనూ ఒక పద్ధతి ఉంది. మునగ కర్ర మెత్తన. పైనుంచి ఒక్క వేటు వేస్తే కొమ్మ బరువుకు వంగి, బెరడును మోడు పొడవునా చీల్చుకుంటూ పడుతుంది. ముందు రంపంతో కింది వైపు కొంచెం కోసి, ఆ తర్వాత పైనుంచి కోస్తే చీలదు. కోత ఏటవాలుగా ఉండాలి. చదునుగా కోస్తే వాననీళ్లు నిలిచి మెత్తటి గుజ్జు కుళ్లి, మోడు గొట్టంలా బోలుపడుతుంది. కోసినచోట బోర్డో పేస్టు గానీ, కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద గానీ, ఏదీ లేకపోతే పచ్చి పేడ గానీ పూయాలి. మొదట్లో ఒక గంప పశువుల ఎరువు వేయాలి.

రెండు మూడు వారాలకు మోడు అంచు చుట్టూ చిగుళ్లు జుట్టులా లేస్తాయి. ఆశపడి అన్నీ ఉంచితే అన్నీ సన్నగా సాగుతాయి, కాపు బరువుకు ఒక్కొక్కటే ఊడిపోతాయి. సరిగ్గా అంచున పుట్టినవాటికి పట్టు తక్కువ. అంచుకు బెత్తెడు కిందుగా పుట్టిన నాలుగైదింటిని ఎంచుకుని, మిగతావి లేతగా ఉన్నప్పుడే చేత్తో గిల్లేయాలి. ఇక్కడి నుంచి మళ్లీ పాత పాఠమే: రెండడుగులకోసారి కొన తుంచడం, అక్టోబరుకు ఆపడం. చెట్టు పొట్టిగా ఉంటే ఇంకో లాభముంది. వానాకాలంలో గొంగళిపురుగులు పగటిపూట గుంపుగా కాండానికి పట్టుకుంటాయి. ఇంటి ముందు మునగ వద్దనడానికి అవి కూడా ఒక కారణం. కంటి ఎత్తున కనిపిస్తే పొడుగు కర్రకు గుడ్డ చుట్టి, సబ్బునీళ్లలో ముంచి, అక్కడికక్కడే తుడిచేయవచ్చు.

కొమ్మచెట్టు ఉన్నవాళ్లు ఈ కత్తిరింపును ఏ ఏడూ మానకూడదు. గింజచెట్టు ఒక ఏడు ఎత్తు పెరిగితే కాడ అందదు, అంతే. తల్లివేరు లేని చెట్టు తల బరువెక్కితే ఏకంగా గోడమీదో, కరెంటు తీగమీదో పడుతుంది.

ఇప్పటికే పాతికడుగులకు పోయిన ముసలి చెట్టయితే ఒక్కసారిగా మూడడుగులకు నరకవద్దు. లావెక్కిన పాత బెరడు నుంచి చిగురు రాకపోయే ప్రమాదం ఉంది. ఈ తొలకరికి సగం కొమ్మలు మాత్రమే తలెత్తు దగ్గర కోయండి. మిగతా సగం ఆకుతో చెట్టు తనను తాను పోషించుకుంటుంది. కోసిన సగం మీద మోచేయంత రెమ్మలు లేచి నిలదొక్కుకున్నాయంటే, వచ్చే తొలకరికి రెండో సగం తీయవచ్చు. అవి లేవకపోతే ఆ చెట్టు కాసినన్నాళ్లు కాయనిచ్చి, ఈలోగా దానికి పది అడుగుల దూరంలో రెండు గింజలు వేసుకోవడం మేలు.