నాలుగు వందల రివ్యూల్లో నలభై మంది మాట

రెండు మిక్సీలను పోల్చి రాసేటప్పుడు సగటు రేటింగ్‌ను నేను చివరికి పెట్టుకుంటాను. ఒక్క నక్షత్రం ఇచ్చినవాళ్లలో కొందరి కోపం మిక్సీ మీద కాదు, నలిగిన పెట్టె మీదో ఆలస్యమైన డెలివరీ మీదో ఉంటుంది. ఐదు నక్షత్రాలు ఇచ్చినవాళ్లలో కొందరు పెట్టె విప్పిన రోజే రాస్తారు. వాళ్లు ఇంకా పప్పు రుబ్బి చూడలేదు.

ఒక 750 వాట్ల మిక్సీకి 400 రివ్యూలు ఉన్నాయనుకుందాం. డెలివరీ గోల, 'సూపర్', 'గుడ్' వంటి ఒంటి మాటలు, ఒకే రోజున ఒకే ధోరణిలో వచ్చిపడ్డ పొగడ్తలు తీసేస్తే 160 మిగిలాయి. వాటిలో మూడు నెలలు దాటి వాడామని చెప్పినవాళ్లు 40 మంది. అసలు చదవాల్సింది వీళ్లనే. కప్లర్ విరిగిందని 16 మంది రాశారు, అందులో 14 మంది ఈ 40లోనివాళ్లే. 16ను 400తో భాగిస్తే 4 శాతం, పట్టించుకోనక్కర్లేదనిపిస్తుంది. 14ను 40తో భాగిస్తే 35 శాతం!

అయితే మూడింట ఒకటి చెడిపోతాయని రాస్తే అదీ తప్పే. బాగా పనిచేస్తుంటే నెలల తర్వాత మళ్లీ వచ్చి రాసేవాళ్లు తక్కువ. అందుకే రెండో మిక్సీనీ ఇదే జల్లెడ పట్టాలి. దానికి 50 మంది పాత వాడకందార్లలో ఐదుగురే కప్లర్ మాట ఎత్తారనుకోండి, అప్పుడు తేడా ఉందని ధైర్యంగా చెప్పొచ్చు.

ఫిర్యాదు వెనకున్న కారణం కూడా తెలియాలి. కప్లర్ అంటే జార్‌నూ మోటార్‌నూ కలిపే చిన్న ముక్క. బ్లేడు బిగుసుకున్నప్పుడు మోటార్ కాలిపోకుండా ముందు ఇదే అరిగిపోతుంది, విరుగుతుంది. మార్చుకోవడం తేలిక, ఖర్చూ తక్కువే. 'మధ్యలో ఆగిపోయింది' అన్నవాటిలో చాలావరకు ఓవర్‌లోడ్ స్విచ్ పని. కాసేపు చల్లారనిచ్చి అడుగునున్న ఎర్ర బటన్ నొక్కితే మళ్లీ తిరుగుతుంది. మొదటి రోజు వచ్చే కాలిన వాసన సాధారణంగా మోటార్ చుట్టకు పూసిన వార్నిష్‌ది. నెలల తర్వాత వస్తేనే లోపంగా లెక్కవేయాలి.

మరో చిక్కుంది. 500, 750 వాట్ల రకాల రివ్యూలను ఒకేచోట కలిపేసే అమ్మకాల సైట్లున్నాయి. ఏ రకమో తేలని రివ్యూను లెక్కలోకి తీసుకోకూడదు. ఆన్‌లైన్ రివ్యూలకు మన దేశంలో 2022లో ఐఎస్ 19000 ప్రమాణం వచ్చింది. ఈ ఏరివేత పని మాత్రం రాసేవాడికి తప్పలేదు.

ఇక తీర్పు. మొదటి మిక్సీకి అనుకూలం: పాత వాడకందార్లు మెచ్చిన మెత్తటి చట్నీ, తక్కువ ధర. ప్రతికూలం: కప్లర్ తరచూ మార్చాల్సి రావడం. చట్నీలకు, కారప్పొడులకు అది చాలు. రోజూ ఇడ్లీ పిండి రుబ్బే ఇల్లయితే కాస్త ఎక్కువ పెట్టి రెండోదే కొనండి.