ఆకాశంలో పట్టీలు ఎందుకు పడతాయి?

పెళ్లి వీడియోలో సాయంత్రపు ఆకాశానికి కాస్త కళ తెద్దామని కాంట్రాస్ట్ పెంచగానే, నీలంలోంచి నారింజలోకి మెల్లగా మారాల్సిన చోట పట్టీలు తేలతాయి. ఎడిటర్లు దీన్ని బ్యాండింగ్ అంటారు. చాలామంది లెన్స్‌ని అనుమానిస్తారు కానీ, దాని తప్పేమీ లేదు. ఫైల్లో రంగుల మెట్లే చాలలేదు.

8 బిట్ల ఫైల్లో ఒక్కో ఛానల్‌కి 256 మెట్లుంటాయి, 10 బిట్లలో 1,024. గ్రేడింగ్ చేయని బొమ్మలో ఈ తేడా దాదాపు కనబడదు. లాగ్‌లో తీసినప్పుడే అసలు చిక్కు. సోనీ కెమెరాల్లోని ఎస్-లాగ్3నే చూడండి. మధ్యస్థాయి వెలుగు నుంచి పైకి, వెలుగు రెట్టింపైన ప్రతిసారీ 10 బిట్లలో సుమారు 76 మెట్లు దక్కుతాయి, 8 బిట్లలో 19. మన ఆకాశం అందులో సగం మేర పరుచుకుందనుకుందాం. 8 బిట్లలో దానికి మిగిలేవి తొమ్మిదో పదో మెట్లు. 4కే ఫ్రేమ్‌లో సగం ఎత్తు ఆకాశమే అయితే ఒక్కో పట్టీ వంద పిక్సెళ్లకు పైగా వెడల్పుంటుంది.

ఇప్పుడు కాంట్రాస్ట్ రెట్టింపు చేస్తే, 8 బిట్ల ఫుటేజ్‌లో పక్కపక్క మెట్ల మధ్య తెరమీద రెండు మెట్ల ఎడం వస్తుంది. 10 బిట్లలో అదే ఎడం తెర మెట్టులో సగమే. అందుకే చివరికి 8 బిట్లలోనే అప్‌లోడ్ చేసినా, 10 బిట్లలో తీసిన ఆకాశం నునుపుగా ఉంటుంది.

కంప్రెషన్ దీనికి తోడవుతుంది. సెన్సర్ నాయిస్ మెట్ల అంచుల్ని కొంత చెదరగొట్టి కప్పిపెడుతుంది. బిట్‌రేట్ తక్కువైతే ఎన్‌కోడర్ ముందు తుడిచేసేది ఆ సన్నని నాయిస్‌నే.

రంగు శాంప్లింగ్ సంగతి వేరు. 4:2:0లో నాలుగు పిక్సెళ్ల గడికి ఒకే రంగు నమూనా, 4:2:2లో రెండు. ముఖం రంగును విడిగా ఎంచి మార్చినా, గ్రీన్ మ్యాట్ తీసేసినా, వెంట్రుకల చుట్టూ అంచు రంపంలా తెగేది ఇక్కడే. ఫైలు 10 బిట్లదైనా 4:2:0 కావచ్చు. అప్పుడు ఆకాశం బాగుంటుంది, జుట్టు అంచు మాత్రం ఇబ్బంది పెడుతుంది.

మీడియాఇన్ఫోలో ఫైలు తెరిచి Bit depth, Chroma subsampling వరుసలు చూస్తే విషయం తెలిసిపోతుంది. 8 బిట్ల ఫైల్ని తర్వాత 10 బిట్లలోకి మార్చినా పోయిన మెట్లు తిరిగి రావు. పూర్తిగా తెల్లబోయిన మేఘాన్ని 10 బిట్లూ కాపాడలేవు.

మీ కెమెరాలో 8 బిట్లే ఉంటే లాగ్ జోలికి పోకండి. మామూలు ప్రొఫైల్‌లో, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ అక్కడే సరిచూసుకుని తీయండి.