కాశీయాత్ర ప్రకటన చదివేదెలా?

‘కాశీ, ప్రయాగ, గయ, అయోధ్య. 9 రోజులు. అడ్వాన్సు రూ. 5,000.’ వాట్సాప్‌లో ఇలాంటి పోస్టరు వస్తే ముందు రోజులు లెక్కపెట్టండి. సికింద్రాబాద్ నుంచి ఆ వైపు రైలు ప్రయాణమే ఒకటిన్నర రోజు దాకా పడుతుంది. రానూపోనూ నాలుగు రోజులు పోతే మిగిలేది ఐదు. కాశీ నుంచి గయ సుమారు 250 కిలోమీటర్లు, అయోధ్య 200 పైన, ప్రయాగ 120. తలా ఒక రోజు తీసేస్తే విశ్వనాథుడి ఊళ్లో ఉండేది రెండు రోజులే. మూడు రాత్రులు కాశీలో నిద్ర చేయాలని మొక్కుకున్న పెద్దవాళ్లకు ఇది చాలదు. అందుకే ‘కాశీలో ఎన్ని రాత్రులు?’ అని సూటిగా అడగాలి.

ఇక అడ్వాన్సు. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే మొదలవుతుంది. ప్రయాణం నాలుగు నెలల తర్వాతైతే, టికెట్లు కొనేశామన్న మాట నమ్మవద్దు. పీఎన్ఆర్ ఏ తేదీకి ఇస్తారో, మానుకుంటే ఎంత తిరిగిస్తారో రసీదు మీద రాయించుకోండి. పీఎన్ఆర్ చేతికొచ్చాక మీ బెర్తు ఖరారైందో, వెయిటింగులో ఉందో స్వయంగా చూసుకోండి. వెయిటింగు అయితే మిగతా సొమ్ము కట్టే ముందు ఆగడం మంచిది.

గయలో పిండప్రదానం, త్రివేణి సంగమంలో పడవ ఖర్చు ప్యాకేజీలో ఉన్నాయో లేదో కూడా తేల్చుకోండి. చాలాసార్లు అవి విడిగా పడతాయి.